గోటి కింద నల్లచార: ఎప్పుడు ఊరుకోవచ్చు, ఎప్పుడు ముక్క తీయించాలి

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న చేతులు కొన్ని శ్రావణం దాటాక నా దగ్గరికి వస్తాయి. ఎరుపు కొసవైపు జరిగిపోయి, మొదట్లో గోరు అసలు రంగులో బయటపడగానే అక్కడ సన్నటి నల్లచార ఒకటి కనిపిస్తుంది. ఇది మెలనోమా అనే చర్మ క్యాన్సరేమోనని టెన్షన్ మొదలవుతుంది. కోనసీమలో చర్మవ్యాధుల డాక్టరుగా కూర్చున్నప్పటి నుంచి ఇలాంటి చారలు చాలా చూశాను. ఎక్కువ వాటిల్లో ఏమీ ఉండదు. ఏమీ లేని చార కోసం హైదరాబాద్ దాకా పరిగెత్తినవాళ్లు ఉన్నారు. నిజంగా పరిగెత్తాల్సి ఉండి, వేలికి నిమ్మకాయ తొడుక్కుని రెండేళ్లు ఊరుకున్నవాళ్లూ ఉన్నారు.

మీ చార ఏ రకమో సగం ఇంట్లోనే తేల్చుకోవచ్చు. దానికి స్కేలు, ఫోన్ కెమెరా, ఒక నెల ఓపిక ఉంటే చాలు. మిగతా సగానికి డాక్టరు కావాలి. పరీక్ష కోసం ముక్క తీయాల్సి వస్తే, అంటే బయాప్సీ చేయాల్సి వస్తే, అది సరైన చోట తీయాలి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఆ చోటు దగ్గరే కాబట్టి, దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ముందు మగ్గం ఎక్కడుందో తెలుసుకోండి

బండారులంక వైపు మగ్గం దగ్గర కాసేపు నిలబడినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. గోరు నేసిన బట్టలాంటిది. నేసే మగ్గం గోరు మొదట్లో, చర్మం మడత కింద దాగి ఉంటుంది. మేం దాన్ని మేట్రిక్స్ అంటాం. బొటనవేలి గోటి మొదట్లో తెల్లగా అర్ధచంద్రంలా కనిపించేది ఆ మేట్రిక్స్ ముందు అంచు. మిగతాదంతా మడత కిందే. అక్కడ తయారైన గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు ముందుకి జరుగుతుంది. చేతి గోరు పూర్తిగా మారడానికి ఆరు నెలలు పడితే, కాలి బొటనవేలి గోటికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది.

మగ్గం మీద ఒక నల్లదారం కట్టి ఉంటే బట్ట పొడుగునా నల్లచార వస్తుంది కదా. మేట్రిక్స్‌లో కూడా రంగు తయారుచేసే కణాలుంటాయి, వాటి పేరు మెలనోసైట్లు. మామూలుగా అవి పని లేకుండా కూర్చుంటాయి. చుక్కంత చోట అవి మేల్కొని రంగు వదలడం మొదలుపెడితే, గోరు మొదలు నుంచి కొస దాకా చార పడుతుంది. చార గోరంతా కనిపించినా దాని వేరు మాత్రం ఆ మొదట్లోనే ఉంటుంది. కొస దగ్గర మీరు చూసే రంగు అయిదారు నెలల కిందట నేసింది. మొదట్లో కనిపించేది ఈ మధ్యే నేసింది. ఇది గుర్తుంచుకోండి, తర్వాత లెక్కకి పనికొస్తుంది.

ఇరవై గోళ్లూ చూసుకోండి

పగటి వెలుతురులో కూర్చుని, గోళ్లరంగు ఉంటే తుడిచేసి, చేతివీ కాలివీ అన్ని గోళ్లూ చూడండి. చాలామంది భయపడిన ఒక్క గోటినే చూసి వచ్చేస్తారు. నేను చెప్పులు విప్పమంటే ఆశ్చర్యపోతారు.

మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటివాళ్లకి వయసు పెరిగేకొద్దీ చాలా గోళ్లలో సన్నటి గోధుమరంగు చారలు రావడం మామూలే. రెండు బొటనవేళ్లకీ, ఇంకో రెండు మూడు వేళ్లకీ ఒకేలాంటి పలచటి చారలుంటే అది ఒంటి తీరు, జబ్బు కాదు. గర్భంతో ఉన్నప్పుడు కూడా ఇలా రావచ్చు. కొన్ని మందులూ కారణమే. రక్తానికి సంబంధించిన జబ్బుల్లో వాడే హైడ్రాక్సీయూరియా, హెచ్‌ఐవీకి వాడే జిడోవుడిన్, కొన్ని క్యాన్సర్ మందులు వాడేవాళ్లకి చాలా గోళ్లు ఒకేసారి నల్లబడతాయి. గోళ్లతో పాటు వేళ్ల కణుపుల మీద కూడా నలుపు పెరిగి, నీరసం, అరికాళ్ల తిమ్మిరి ఉంటే నేను ముందు రక్తంలో బీ12 చూస్తాను. ముక్క జోలికి వెళ్లను. శుద్ధ శాకాహారుల్లో ఈ లోటు తరచూ కనిపిస్తుంది.

చిన్నపిల్లల సంగతి వేరు. పదేళ్ల పిల్లాడి గోటికి వెడల్పాటి నల్లచార ఉన్నా అది దాదాపు ఎప్పుడూ పుట్టుమచ్చ లాంటిదే. పెద్దవాళ్ల లెక్కలు వాళ్లకి వర్తించవు. ఫొటోలు తీస్తూ డాక్టరు కనిపెట్టుకుని ఉంటే చాలు.

ఇక మిగిలింది ఒకే గోటికి, పెద్దవయసులో, కొత్తగా వచ్చిన ఒంటరి చార. ఇక్కడి నుంచి చెప్పేదంతా దాని గురించే. బొటనవేలు, చూపుడువేలు, కాలి బొటనవేలు అయితే ఇంకొంచెం జాగ్రత్త. యాభై దాటినవాళ్లకైతే మరీ.

రక్తమా, రంగా?

మా దగ్గర అందరూ చెప్పేది దెబ్బ. "ఆయ్, గునపం తగిలిందండి." కొబ్బరికాయలు ఒలిచేవాళ్లకి, ఇంజన్ బాగుచేసేవాళ్లకి, రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు ఎత్తిదించేవాళ్లకి గోటి కింద రక్తం గడ్డకట్టడం నిజమే. దాన్ని తేల్చడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది.

నలుపు మొదలయ్యే చోటు, అంటే మొదలువైపు అంచు ఎక్కడుందో చూసి, గోటి పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. నెల తర్వాత అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో మళ్లీ తీయండి. రక్తమైతే మచ్చ మొత్తం కొసవైపు జరుగుతుంది. వెనక మామూలు గోరు 3 మిల్లీమీటర్లదాకా కనిపించాలి. ఎన్నికల ఇంకు మరకని తలుచుకోండి. 2024 మే 13న ఓటేసి వచ్చినప్పుడు చూపుడువేలి చర్మం నుంచి గోటి మీదకి నిలువుగా గీత పడింది. చర్మం మీదది కొన్ని వారాల్లో పోయింది. గోటి మీదది మాత్రం కొసవైపు జరుగుతూ, వెనక శుభ్రమైన గోరు వస్తూ నెలలపాటు ఉంది. గడ్డకట్టిన రక్తం కూడా అలాగే పోతుంది. చార మాత్రం జరగదు. మగ్గం ఇంకా నల్లగానే నేస్తోంది కాబట్టి, ఎప్పుడు చూసినా మొదటి నుంచే కనిపిస్తుంది.

ఒక్క మెలిక ఉంది. లోపల క్యాన్సర్ గడ్డ ఉన్నా కూడా కాస్త రక్తం కారవచ్చు. అందుకని రక్తం కనిపించింది కాబట్టి క్యాన్సర్ లేదనుకోకూడదు. కొత్త దెబ్బ లేకుండా అదే గోటికి మళ్లీ మళ్లీ నలుపు వస్తుంటే రక్తమనుకుని వదిలేయకండి.

నాట్ల కాలంలో రోజంతా చేతులు బురదనీళ్లలో ఉండేవాళ్లకి ఫంగస్ కూడా గోరుని నల్లబరుస్తుంది. ఫంగస్ సాధారణంగా కొస నుంచి లోపలికి పాకుతుంది కాబట్టి ఆ మరక కొస దగ్గర వెడల్పుగా, మొదటివైపు సన్నగా ఉంటుంది. గోరు మందమై, కింద పొట్టులాంటిది రాలుతుంది. ఆ పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే తేలిపోతుంది. ఆ పరీక్ష లేకుండా ఫంగస్ మాత్రలు నెలలకి నెలలు మింగడం నాకు నచ్చని పని. మాత్రల ఖర్చు మాట అలా ఉంచండి, అసలు జబ్బుకి అన్ని నెలల గడువు ఇచ్చినట్టవుతుంది.

స్కేలు పెట్టి కొలవండి

జరగని ఒంటరి చార అని తేలాక, దాని వెడల్పు రెండు చోట్ల కొలవండి. ఒకటి మొదట్లో చర్మం దగ్గర, రెండోది కొస దగ్గర. ఇక్కడో మనిషి గురించి చెప్పాలి.

రాజోలు వైపు నుంచి యాభై ఆరేళ్ల ఆయన వచ్చాడు. జీవితమంతా కొబ్బరి ఒలుపే. కుడి బొటనవేలికి రెండేళ్లుగా నల్లచార. మొదట దెబ్బ అనుకున్నాడు. తర్వాత గోరుచుట్టు అన్నారు, నిమ్మకాయ తొడిగాడు. ఏడాది కిందట ఒకచోట గోరు మొత్తం ఊడదీసి, దాని కింద మధ్యలోంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపారు. క్యాన్సర్ కణాలు లేవని రిపోర్టు వచ్చింది. ఆయన దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి భద్రంగా దాచుకున్నాడు. ఆరు నెలల్లో గోరు తిరిగొచ్చింది, చారతో సహా.

"రిపోర్టు మంచిదే కదండీ, మళ్లీ ఎందుకొచ్చిందండీ?" అన్నాడు.

కొలిచాను. మొదట్లో 4 మిల్లీమీటర్లు, మధ్యలో 3, కొసకి దగ్గర్లో రెండున్నర. చార గీతలా లేదు, కొసవైపు మొన తేలిన మేకులా ఉంది. ఇప్పుడు ఇందాకటి లెక్క తీయండి. ఆయన గోరు పొడవు సుమారు 15 మిల్లీమీటర్లు. నెలకి మూడు చొప్పున కొస దగ్గరి రంగు అయిదు నెలల కిందట నేసింది. అప్పుడు రంగు వదిలే చోటు రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పు, ఇప్పుడు నాలుగు. అంటే అయిదు నెలల్లో ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగింది. పాత ఫొటోలు లేకపోయినా గోరే సాక్ష్యం చెప్పింది. పుట్టుమచ్చ లాంటి నెమ్మదైన చారకైతే రెండు చోట్లా వెడల్పు దాదాపు ఒకటే ఉంటుంది, అంచులు గీత గీసినట్టుంటాయి.

వెడల్పు 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలన్నది మేం వాడే గీటురాయి. కానీ దాన్ని గీత గీసినట్టు పట్టుకోకండి. రెండు మిల్లీమీటర్ల చార ఆరు నెలల్లో మూడుకి వచ్చిందంటే, ఇరవై ఏళ్లుగా కదలకుండా ఉన్న నాలుగు మిల్లీమీటర్ల చార కన్నా నాకు దాని మీదే దిగులు. రంగులో తేడాలుంటే, ఒకచోట లేత గోధుమ, ఒకచోట కారునలుపు, అంచు అలుక్కుపోయినట్టు ఉంటే, చార మీద గోరు చీలుతుంటే అవీ అనుమానపు గుర్తులే.

అన్నిటికన్నా ముఖ్యమైనది గోటి చుట్టూ ఉన్న చర్మం. గోరు మొదటి మడత మీదకీ, పక్కలకీ, కొస కింద చర్మానికీ నలుపు పాకిందేమో చూడండి. 1886లో జొనాథన్ హచిన్సన్ అనే ఇంగ్లండ్ సర్జన్ గోటి మెలనోమాని వర్ణిస్తూ నల్ల గోరుచుట్టు అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. చర్మానికి పాకిన నలుపుని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. మనవాళ్లు కూడా దీన్ని గోరుచుట్టే అనుకుంటారు, కాకపోతే గోరుచుట్టు సలుపుతుంది, చీము పడుతుంది, వారం పది రోజుల్లో ఏదో ఒకటి తేలిపోతుంది. ఇది నొప్పే పెట్టదు. అందుకే రోకటిపోటు పడేదాకా ఎవరికీ పట్టదు.

చూసేటప్పుడు ఒక మోసం జరుగుతుంది. గోరు మొదట అంటుకుని ఉండే చర్మం పలచగా, అద్దంలా ఉంటుంది. కింద గోటిలోని నలుపే దానిలోంచి కనిపించి చర్మం నల్లబడినట్టు అనిపిస్తుంది. చర్మాన్ని వేలితో నెమ్మదిగా వెనక్కి లాగి చూడండి. నలుపు చర్మంతో పాటు జరిగితే అది చర్మంలోదే. గోటితోనే ఉండిపోతే పైన పడిన నీడ. తేలకపోతే డెర్మోస్కోప్‌తో చూస్తాం. అది లైటున్న భూతద్దం, చర్మం డాక్టర్లలో చాలామంది దగ్గర ఉంటుంది. చారలోని సన్నగీతలు సమానంగా, ఒకదాని పక్కన ఒకటి నడుస్తున్నాయా, లేక మందం, రంగు, ఎడం మారిపోతూ చెదిరిపోయాయా అన్నది అందులో బాగా తెలుస్తుంది. రాజోలు ఆయనకి గీతలు చెదిరిపోయి ఉన్నాయి. మడత చర్మం మీద ఆవగింజంత గోధుమ మచ్చ కూడా ఉంది.

సన్నగా, ఒకే రంగులో, అంచులు తిన్నగా, చర్మం శుభ్రంగా ఉన్న చార అయితే నేను ముక్క తీయను. ఫొటో, కొలత రాసి పెట్టి మూడు నెలలకి ఒకసారి రమ్మంటాను. ఏడాది పాటు మారకపోతే రాకపోకల ఎడం పెంచుతాను. ఆ ఏడాదీ ఆ గోటికి గోరింటాకు, గోళ్లరంగు పెట్టకండి. ఈ మాట పెళ్లి కుదిరిన అమ్మాయితో చెప్పడం కష్టమే, కానీ పందొమ్మిది గోళ్లకి పెట్టుకోవచ్చు కదా.

ముక్క ఎక్కడ నుంచి తీస్తున్నారో అడగండి

రాజోలు ఆయన రిపోర్టు అబద్ధం కాదు. ల్యాబ్‌వాళ్లు ఇచ్చిన ముక్కలో నిజంగానే ఏమీ లేదు. వాళ్లకి అందింది గోటి కింద మధ్యలోని మెత్తటి పరుపు. బట్ట పరిచిన అరుగు మీద దుమ్ము తీసుకెళ్లి మగ్గం బాగుందని చెప్పించినట్టయింది. గోరు కత్తిరించి పంపినా అంతే, అందులో రంగు దొరుకుతుంది కానీ రంగు వదిలే కణాలు దొరకవు. అందుకే డాక్టరుని మొహమాటం లేకుండా ఒక ప్రశ్న అడగండి: "ముక్క మేట్రిక్స్ నుంచి తీస్తున్నారా అండి?" ఇదివరకు తీయించిన రిపోర్టు ఉంటే అందులో మేట్రిక్స్ అన్న మాట ఉందో లేదో చూపించి అడగండి. లేకపోతే ఆ రిపోర్టు చారని తీసిపారేయడానికి పనికిరాదు, మళ్లీ తీయాల్సిందే.

పని జరిగే తీరు ఇది. వేలి మొదట రెండు పక్కలా మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. ఆ రెండు సూదులూ బాగా మండుతాయి, దాచడం దేనికి. తర్వాత ఏమీ తెలియదు. రక్తం ఆపడానికి వేలికి రబ్బరు పట్టీ బిగిస్తారు. గోరు మొదటి మడతని రెండు పక్కలా చిన్నగా కోసి పుస్తకం పేజీలా వెనక్కి తిప్పుతారు. గోరు మొత్తం ఊడదీయనక్కర్లేదు, మొదటి భాగాన్ని పైకి లేపితే చాలు. అప్పుడు మేట్రిక్స్ మీద చార మొదలయ్యే చుక్క కళ్ల ముందు కనిపిస్తుంది. సన్నచారకి 3 మిల్లీమీటర్ల పంచ్ అనే గుండ్రటి బ్లేడుతో ముక్క తీస్తారు. వెడల్పాటి చారకి ఆ నల్లచోటు మొత్తాన్ని బ్లేడుతో మిల్లీమీటరు కన్నా పలచగా, పొరలా కోసి తీస్తారు. పొరలా తీస్తే గోరు తర్వాత వంకర తిరిగే అవకాశం తక్కువ. గోరుని మళ్లీ దాని చోట కప్పి కుట్లు వేస్తారు. మొత్తం అరగంట పని. రెండు మూడు రోజులు నొప్పి, చెయ్యి ఎత్తి పెట్టుకోవాలి, తడి తగలకూడదు. కొత్త గోరు మీద సన్నటి గాడి లేదా చీలిక మిగిలిపోవచ్చు, ఆ సంగతి ముందే తెలిసి ఒప్పుకోవాలి.

గోరు చివర్లో ఒక చిట్కా. కొసని ఎదురుగా, అంచుమీద చూడండి. రంగు గోరు మందంలో కింది సగంలో ఉంటే అది మేట్రిక్స్ ముందు భాగం నుంచి వస్తోంది. అక్కడ ముక్క తీస్తే గోరు పాడవడం తక్కువ. పై సగంలో ఉంటే మేట్రిక్స్ వెనక భాగం నుంచి వస్తోంది, గోటికి మచ్చ మిగిలే అవకాశం ఎక్కువ. డాక్టర్లు ఈ విషయం చూసే ఎక్కడ కోయాలో ఆలోచిస్తారు.

రిపోర్టు వచ్చేటప్పటికి వారం, రెండు వారాలు పడుతుంది. రంగు కణాలు ఎక్కువగా పనిచేస్తున్నాయి కానీ సంఖ్య పెరగలేదని వస్తే ఏమీ చేయనక్కర్లేదు. పుట్టుమచ్చ అని వచ్చినా అంతే, కాకపోతే కొన్నాళ్లు కనిపెట్టి చూస్తాం. మెలనోమా ఇన్ సిటూ అని వస్తే అది క్యాన్సరే, కానీ ఇంకా పై పొర దాటి లోపలికి దిగలేదు. లోపలికి దిగిందంటే ఎంత లోతుకి అన్నది మిల్లీమీటర్లలో రాస్తారు. తర్వాత ఏం చేయాలన్నది ఎక్కువగా ఆ అంకె మీదే ఆధారపడుతుంది. బాగా లోతైతే వేలి చివరి కణుపు తీసేయాల్సి రావచ్చు, చంకలో గ్రంథి కూడా పరీక్షిస్తారు.

రాజోలు ఆయనకి ఇన్ సిటూ వచ్చింది. రెండేళ్లు గడిచినా లోపలికి దిగకపోవడం ఆయన అదృష్టం. దాన్ని చూసి ఎవరూ ఆగకూడదు. విశాఖలో సర్జన్ ఆ బొటనవేలి గోరు, దాని మగ్గం, కింద పరుపు, చుట్టూ కాస్త మంచి చర్మం కలిపి ఎముక దాకా మొత్తం తీసేసి, ఒంట్లో ఇంకో చోటి చర్మం తెచ్చి అతికారు. వేలు ఉంది. గోరు మాత్రం ఇక రాదు.

ఆపరేషన్‌కి ముందు రోజు ఆయన నాకు ఫోన్ చేశాడు. బతుకుతానా అని అడుగుతాడనుకున్నాను.

"రేషన్‌కి ఈ బొటనవేలే వేస్తానండి. ముద్ర పడుద్దాండి?"

వేలిముద్ర గోటికి అవతలివైపు, మెత్తటి కండ మీద ఉంటుంది, అక్కడ కత్తి పెట్టరు అని చెప్పాను. రెండు నెలల తర్వాత కట్టు పూర్తిగా తీశాక, డిపో దగ్గర్నుంచి మళ్లీ ఫోన్ చేశాడు. పడిందంట.